గుంత పని సేఫ్టీ షీట్ తెలుగులోకి: నిషేధాలు మెత్తబడకుండా రాయడం ఎలా?

శ్రావణ్_సివిల్

హైదరాబాద్ శివారులో వర్షపు నీటి పైపులైను పని నడుస్తోంది. కొన్నిచోట్ల గుంత లోతు రెండున్నర మీటర్లు దాటుతుంది. కన్సల్టెంట్ ఇంగ్లీషులో ఒక పేజీ సేఫ్టీ షీట్ ఇచ్చారు. రోజూ పొద్దున పని మొదలయ్యే ముందు దాన్ని చదివి వినిపించాలి, గుంత పక్కన బోర్డుకి అంటించాలి. మా గ్యాంగుల్లో సగం మంది పాలమూరు వైపు వాళ్లు, మిగతావాళ్లు శ్రీకాకుళం, విజయనగరం. చదవడం వచ్చినవాళ్లకి తెలుగు ఒక్కటే వచ్చు. ఏ నిషేధమూ ఇంగ్లీషులో ఉన్నదానికంటే మెత్తబడకూడదని కన్సల్టెంట్ షరతు పెట్టారు. ఆఫీసులో ఒకాయన చేసిన తెలుగు కింద పెడుతున్నా. ఎక్కడో తేడా కొడుతోంది గానీ, వరసగా చూపించలేకపోతున్నా.

1. 1.5 మీటర్ల కంటే లోతైన కందకంలోకి షోరింగ్ మరియు సమర్థుడైన వ్యక్తి అనుమతి లేకుండా ప్రవేశించరాదు.
2. యంత్రం పని చేయుచున్నప్పుడు కార్మికులు కందకంలో ఉండకపోవచ్చు.
3. ఆధారాలు తొలగించవద్దు.
4. తవ్విన మట్టిని అంచుకు 3 అడుగుల లోపు వేయకుండా దయచేసి జాగ్రత్త వహించగలరు.
5. ఎక్కుటకు, దిగుటకు నిచ్చెన ఉపయోగించవలెను.
6. ప్రమాదం జరిగినచో రక్షించుటకు కందకంలోకి దిగుట ప్రమాదకరం.

తేటతెలుగు

అనువాదం బాగానే ఉందండీ. ఒక్క "షోరింగ్" మాత్రం పంటి కింద రాయిలా ఉంది. "పార్శ్వ ఆధారం" అంటే సరిపోతుంది. "మరియు" తీసేయండి, అది తెలుగు నుడికారం కాదు.

శ్రావణ్_సివిల్

అండీ, పార్శ్వ ఆధారం అంటే మా మేస్త్రికే అర్థం కాదు. గుంత గోడలు కూలకుండా కట్టేదాన్ని సైట్‌లో అందరూ "సపోర్టు" అంటారు. షీటు అందంగా ఉందా అని కాదు నేను అడిగేది, గట్టిగా ఉందా అని.

సుజాత_అనువాదాలు

"మరియు" తీసేయమన్న తేటతెలుగు గారి మాట నిజమే, కానీ కారణం నుడికారం కాదు. అక్కడ ప్రాణాల లెక్క ఉంది. "షోరింగ్ మరియు అనుమతి లేకుండా ప్రవేశించరాదు" అన్న వాక్యాన్ని రెండు రకాలుగా చదవచ్చు. రెండిట్లో ఏ ఒక్కటి లేకపోయినా దిగకూడదని ఒక అర్థం. రెండూ లేనప్పుడే దిగకూడదని ఇంకో అర్థం. రెండో రకంగా చదివినవాడు, సపోర్టు కట్టి ఉంది కాబట్టి అనుమతి లేకపోయినా ఫర్వాలేదని దిగుతాడు. లేదా మేస్త్రి ఊ అన్నాడు కాబట్టి సపోర్టు లేకపోయినా దిగుతాడు. "షోరింగ్, అనుమతి లేకుండా" అని కామా పెట్టినా ఇదే గొడవ.

ఇంగ్లీషులో "నోబడీ షల్ ఎంటర్... అన్‌లెస్... అండ్..." అని ఉండి ఉంటుంది. రెండు షరతులూ తీరితేనే దారి. తెలుగులో దాన్ని ఒకే వాక్యంలో ఇరికించే బదులు రెండు నిషేధాలుగా విడగొట్టండి.

సపోర్టు కట్టని గుంతలో ఎవరూ దిగకూడదు. సపోర్టు కట్టి ఉన్నా, ఆ రోజు పర్మిట్ మీద సంతకం లేకపోతే ఎవరూ దిగకూడదు.

"కట్టి ఉన్నా" అన్న చోటే బలమంతా ఉంది. పాటించిన నియమం ఒకటి చూపించి రెండోదాన్ని తప్పించుకునే దారి అక్కడ మూసుకుపోతుంది.

రెండో లైను గురించి నాకు నిజంగా భయం వేసింది. ఇంగ్లీషులో "మే నాట్" ఉందా?

శ్రావణ్_సివిల్

అవునండీ. "పర్సనెల్ మే నాట్ రిమెయిన్ ఇన్ ది ట్రెంచ్ వైల్..." అని ఉంది.

సుజాత_అనువాదాలు

అదే అనుకున్నాను. ఆ "మే నాట్" నిషేధం. అనుమతి లేదని దాని అర్థం. దాన్ని "ఉండకపోవచ్చు" అంటే, జేసీబీ తవ్వుతుంటే లోపల మనుషులు బహుశా ఉండరేమో అని ఊహించినట్టు అయింది. వాక్యంలో వ్యాకరణ తప్పు లేదు కాబట్టి ప్రూఫ్ చూసేవాళ్ల కంటికి ఆనదు. "యంత్రం గుంతలో తవ్వుతున్నంతసేపూ లోపల ఎవరూ ఉండకూడదు, ఎవరూ దిగకూడదు" అని రాయండి. ఇంగ్లీషులో "ఎంటర్ ఆర్ రిమెయిన్" అని రెండు క్రియలు ఉంటే రెండూ రావాలి. ఉండకూడదు అని మాత్రమే చెబితే, పైపు పట్టుకోవడానికి ఒక్క నిమిషం దిగి ఎక్కేవాడు తనకిది వర్తించదనుకుంటాడు.

పాలమూరు_పిల్లగాడు

శ్రావణన్నా, మా నాయన ముప్పై ఏండ్లు మట్టి పనికి పోయిండు. నేను ఇప్పుడు ఫ్లెక్సీ షాపు నడుపుతున్నా, సైట్ బోర్డులు ప్రింట్ చేస్తుంటా. ఒక మాట చెప్తా. మూడో లైన్ల "తొలగించవద్దు" అని ఉంది చూడు. "తొలగించవచ్చు" అని పక్కన రాసి నాలుగడుగులు దూరం నిలబడి చూడు. ద్దుకి, చ్చుకి తేడా కనిపిస్తదా? మట్టి కొట్టుకుపోయిన బోర్డు మీద, చదవడం కొద్దిగా వచ్చినోడికి రెండూ ఒక్కటే. ఎక్కవద్దు, ఎక్కవచ్చు. దిగవద్దు, దిగవచ్చు. ఒక్క వత్తక్షరం మీద మనిషి పానం పెడతామా?

కూడదు అని పెట్టు. దాన్ని ఏ వచ్చుతోనూ పొరపడరు. ఇంకోటి, బోర్డులో జాగ చాలక "దిగ" ఒక లైన్ల, "కూడదు" కింది లైన్ల పడకుండ చూడు. డిజైన్ చేసే పిల్లలు మాట మధ్యల విరుస్తరు.

సుజాత_అనువాదాలు

ఇన్నేళ్లుగా ఈ పని చేస్తున్నా, బోర్డు దూరం నుంచి ఆలోచించలేదు. చాలా విలువైన మాట. చదివి వినిపించేటప్పుడు కూడా ఇదే పనికొస్తుంది. జేసీబీ హోరులో "వద్దు", "వచ్చు" కలిసిపోతాయి, "కూడదు" విడిగా వినబడుతుంది.

అపార్ట్‌మెంట్_ప్రెసిడెంట్

మా బిల్డింగ్ లిఫ్ట్‌లో "పిల్లలు ఒంటరిగా ఎక్కవద్దు" అని రాయించాం. అయినా ఎక్కుతున్నారు. పిల్లలకి చదవడం రాక కాదు, పెద్దలే పంపిస్తున్నారు. ఇలాంటప్పుడు ఏ భాషలో రాసినా ఏం లాభం? ఫైన్ వేయడం తప్ప మార్గం లేదు. దీనికి ఎవరైనా ఫార్మాట్ ఇవ్వగలరా?

శ్రావణ్_సివిల్

సార్, లిఫ్ట్ సంగతి వేరే థ్రెడ్ పెట్టండి, అక్కడ చెబుతారు.

కువైట్_రిటర్న్

నేను గల్ఫ్‌లో పదకొండేళ్లు రిగ్గర్‌గా చేసి వచ్చాను. ఇంత గొడవ ఎందుకు తమ్ముడూ, బొమ్మలు పెట్టేయండి. ఎర్ర గుండ్రం, అడ్డంగా గీత. అరబ్బు, బంగ్లాదేశ్, మన జగిత్యాలోళ్లు, అందరికీ అదే అర్థమయ్యేది. తెలుగు రాతతో పనే లేదు.

ఇంకొక సంగతి. "సమర్థుడైన వ్యక్తి" అంటే ఎవరు? మా దగ్గర ప్రతి ఫోర్‌మన్ తనే సమర్థుడు అనుకునేవాడు.

రిటైర్డ్_ఏఈ

కువైట్ గారి రెండో మాటకి నూటికి నూరు మార్కులు. మొదటిదానికి యాభై.

ఎర్ర వలయం, అడ్డగీత అంతర్జాతీయంగా నిషేధానికి గుర్తు. పసుపు త్రికోణం హెచ్చరిక, నీలి వలయం తప్పనిసరిగా చేయాల్సిన పని. మనిషి బొమ్మ మీద ఎర్ర గీత పెడితే "దిగకూడదు" వరకే తెలుస్తుంది. "సపోర్టు కట్టి ఉన్నా, ఈ రోజు సంతకం లేకపోతే" అన్నది ఏ బొమ్మలో వేస్తారు? షరతు లేని నిషేధానికి బొమ్మ చాలు. షరతు ఉన్న నిషేధానికి వాక్యం కావాల్సిందే. రెండో లైనుకి, మూడో లైనుకి బొమ్మ కూడా పెట్టండి. మొదటిదానికి పెడితే, నియమాన్ని సగమే చెప్పినట్టవుతుంది.

ఇక "సమర్థుడైన వ్యక్తి". ఇంగ్లీషులో "కాంపిటెంట్ పర్సన్" అనేది మనిషి గుణం గురించి కాదు. ప్రమాదాన్ని గుర్తుపట్టే శిక్షణ ఉండి, పని ఆపించే అధికారం కంపెనీ ఇచ్చిన మనిషి అని. తెలుగులో సమర్థుడు అంటే పనితనం ఉన్నవాడు, అంటే సీనియర్ మేస్త్రి. అప్పుడు రేట్ మీద పని తీసుకున్న మేస్త్రే తన గ్యాంగుకి అనుమతి ఇచ్చుకుంటాడు. ఈ షీటులో నాకు కనిపించిన పెద్ద చిల్లు ఇదే. ఆ పదాన్ని అనువదించకండి. ఆ సైట్‌లో ఆ అధికారం ఎవరిదో ఆయన హోదా రాయండి, బోర్డు మీద ఆయన పేరు, ఫోటో పెట్టండి. "సేఫ్టీ ఆఫీసర్ సంతకం. మేస్త్రి మాట చాలదు" అని రాస్తే ఇంకా మంచిది.

నాలుగో లైనులో మీరెవరూ పట్టుకోని విషయం ఒకటుంది. ఇంగ్లీషులో ఒక మీటరు ఉందా, మూడడుగులు ఉందా?

శ్రావణ్_సివిల్

ఒక మీటరు సార్. గ్యాంగులకి అడుగులే అలవాటని మా ఆఫీసాయన మార్చారు.

రిటైర్డ్_ఏఈ

మీటరు అంటే 3.28 అడుగులు. మూడడుగులు అంటే సుమారు 91 సెంటీమీటర్లు. మట్టి కుప్ప తొమ్మిది సెంటీమీటర్లు అంచుకి దగ్గరికి జరిగింది. నిషేధం అక్కడ మెత్తబడింది, అదీ అంకెలో.

లోతు విషయంలో ఇదే లెక్క తిరగబడుతుంది. 1.5 మీటర్లని ఐదడుగులు అంటే 1.52 మీటర్లు. రెండు సెంటీమీటర్ల లోతు నియమం బయటికి జారింది. చిన్నదే అనుకోవచ్చు, కానీ షరతు "మెత్తబడకూడదు" కదా. కాబట్టి కనీసం ఇంత దూరం ఉండాలి అన్నదాన్ని పైకి సవరించాలి, ఇంతకు మించి లోతుంటే దిగకూడదు అన్నదాన్ని కిందికి సవరించాలి. దూరం మూడున్నర అడుగులు, లోతు నాలుగున్నర అడుగులు అనండి. రెండూ అసలు కంటే కాస్త గట్టివే, మెత్తవి మాత్రం కావు.

ఇంతకంటే మంచి దారి, అంకెలు చదవక్కర్లేకుండా చేయడం. ఒక కర్రకి మీటరున్నర దగ్గర ఎర్ర రంగు వేసి గుంత పక్కన పెట్టండి. దించి చూస్తే ఎరుపు అంచు కిందికి పోయిందంటే ఆ గుంతకి నియమం వర్తిస్తుంది. నడుము లోతు, భుజం లోతు అని మాత్రం రాయొద్దు. పొట్టివాడి భుజం, పొడుగువాడి భుజం ఒకటి కావు.

న్యూజెర్సీ_తెలుగు

ఇక్కడ అమెరికాలో కార్మికుల భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఓషా నియమం ఐదడుగులే. అంతకంటే తక్కువ లోతుకి సపోర్టు అక్కర్లేదు. మీవాళ్లు మరీ భయపడుతున్నట్టున్నారు. తవ్విన మట్టికి కూడా ఇక్కడ రెండడుగులు చాలు.

రిటైర్డ్_ఏఈ

ఓషాలో ఐదడుగులు ఉన్నమాట నిజం. కానీ "అంతకంటే తక్కువైతే అక్కర్లేదు" అన్నది సగమే. తక్కువ లోతులో కూడా కాంపిటెంట్ పర్సన్ చూసి, కూలే సూచన లేదని తేల్చాలి. అదీ కాక ఇక్కడ అనువదిస్తున్నది ఓషాని కాదు, ఈ సైట్ షీటుని. అందులో మీటరు ఉంటే మీటరే. వేరే దేశంలో తక్కువ ఉందని తెలుగులో తగ్గించే హక్కు అనువాదకుడికి లేదు.

మరీ భయం అన్నారు కాబట్టి చెబుతున్నా. ఒక ఘనపు మీటరు మట్టి ఒకటిన్నర టన్ను పైమాటే, అంటే ఒక కారంత బరువు. తల బయట ఉన్నా, ఛాతీ వరకు పూడితే ఊపిరి తీసుకోలేడు.

సుజాత_అనువాదాలు

మిగతా లైన్లు చూద్దాం.

మూడోది "ఆధారాలు తొలగించవద్దు". వద్దు సంగతి తేలింది. ఇంకో చిక్కు బహువచనం. ఇంగ్లీషులో "ఎనీ" ఉందనుకుంటాను. తెలుగులో "సపోర్టులు తీయకూడదు" అంటే, పైపు దించడానికి అడ్డమొచ్చిన ఒక్కదాన్ని కాసేపు తీసి మళ్లీ పెట్టేవాడికి తను తప్పు చేస్తున్నానని అనిపించదు. అన్నీ తీసేస్తే కదా తప్పు అనుకుంటాడు. "ఒక్క సపోర్టు కూడా తీయకూడదు, కాసేపటికైనా సరే" అనండి. ఇంగ్లీషులో "ఈవెన్ టెంపరరిలీ" లేకపోతే ఆ రెండో ముక్క అదనం అవుతుంది. కన్సల్టెంట్‌ని అడగండి.

నాలుగోదానిలో "దయచేసి", "జాగ్రత్త వహించగలరు" తీసేయండి. జాగ్రత్త వహించి మరీ అంచున మట్టి పోయొచ్చు! మనం మర్యాద అనుకుని నిషేధాన్ని విన్నపంగా మార్చేస్తాం. మర్యాద కావాలంటే షీటు మొదట్లో ఒక పలకరింపు రాయండి, చాలు.

ఐదోదానిలో "నిచ్చెన ఉపయోగించవలెను" అంటే నిచ్చెన వాడమని తెలిసింది, వేరే దారి వాడకూడదని తెలియలేదు. ఇంగ్లీషులో "ఓన్లీ" ఉండి ఉంటుంది. "నిచ్చెన మీదనే ఎక్కాలి, దిగాలి. సపోర్టులు పట్టుకుని ఎక్కకూడదు, జేసీబీ బకెట్‌లో ఎక్కకూడదు" అని రాయాలి, ఆ రెండూ అసలులో ఉంటే.

శ్రావణ్_సివిల్

"ఎనీ" ఉంది, "ఈవెన్ టెంపరరిలీ" కూడా ఉంది, "ఓన్లీ" ఉంది. జేసీబీ బకెట్ మాట లేదు, సపోర్టుల మాట ఉంది.

ఒక సందేహం. అన్నిటికీ "కూడదు" అంటే బలం చాలుతుందా? ఇంట్లో "అబద్ధం ఆడకూడదు" అంటాం, అది నీతి బోధలా ఉంటుంది. కొన్నిటికి "ఎట్టి పరిస్థితుల్లోనూ" చేర్చనా?

సుజాత_అనువాదాలు

ఒకదానికి చేర్చారంటే మిగతావాటికి మినహాయింపు ఉందని అర్థం వస్తుంది. ఇంగ్లీషులో అన్నీ ఒకే స్థాయి నిషేధాలైతే తెలుగులో అన్నిటికీ ఒకే ముగింపు ఉండాలి. ఒక లైను "రాదు", ఒకటి "వద్దు", ఒకటి "నిషేధం", ఒకటి "మంచిది కాదు" అని రాస్తే పనివాళ్లు వాటికి మెట్లు కట్టుకుంటారు. ఇంగ్లీషులో ఎక్కడైనా "షుడ్ నాట్" ఉంటే, అంటే సలహా మాత్రమే అయితే, దాన్ని ఈ జాబితాలోంచి తీసి విడిగా పెట్టండి. లేకపోతే దానికీ "కూడదు" వచ్చి రెండూ కలిసిపోతాయి.

పాలమూరు_పిల్లగాడు

అక్కా, నాకు వేరేగా అనిపిస్తది. మా దిక్కు పెద్దలు గట్టిగ చెప్పాలంటే "దిగొద్దు" అంటరు. కూడదు పుస్తకం మాట. చదివి వినిపించేటప్పుడు "దిగొద్దు", బోర్డు మీద "దిగకూడదు" పెట్టుకుంటే కాదా?

సుజాత_అనువాదాలు

బోర్డుదీ నోటిదీ వేరైతే, రేపు గొడవ జరిగినప్పుడు ఏది అసలు అని అడుగుతారు. కానీ మీరన్నది కొట్టిపారేయలేను. శ్రీకాకుళం వాళ్లకి "దిగకూడదు" సహజంగానే ఉంటుంది. దీని మీద నాకు ఖచ్చితమైన జవాబు లేదు.

కువైట్_రిటర్న్

ఆరో లైను వదిలేశారు. "దిగుట ప్రమాదకరం" అంటే మనోళ్లు ఆగరు. ప్రమాదమని తెలిసే దిగుతారు, లోపల ఉన్నది తమ్ముడో బావమరిదో. గ్యాంగు మొత్తం ఒకే ఊరోళ్లు కదా.

శ్రావణ్_సివిల్

ఇంగ్లీషులో అది సూటిగా ఉంది అన్నా, "డు నాట్ ఎంటర్ టు రెస్క్యూ". మా ఆఫీసాయనకి మరీ కఠినంగా అనిపించి మార్చారు.

రిటైర్డ్_ఏఈ

ఆయన మనసు అర్థం చేసుకోగలను, కానీ అక్కడ నిషేధం హెచ్చరికగా దిగిపోయింది. ఒకసారి కూలిన గోడ మళ్లీ కూలుతుంది, కాపాడబోయినవాడు కూడా పూడిపోతాడు. "గుంత కూలితే లోపల మనిషి ఉన్నా ఎవరూ దిగకూడదు" అని ఉన్నదున్నట్టు రాయండి. దాని కిందే చేయాల్సిన పని చెప్పండి. కేక వేయాలి, జేసీబీ ఆపాలి, సేఫ్టీ ఆఫీసర్‌ని పిలవాలి, 108కి ఫోన్ చేయాలి. చేతులు కట్టుకుని చూస్తూ ఉండమంటే ఎవడూ ఉండడు. వాడికి పని ఇవ్వాలి. బకెట్‌తో తవ్వి తీయబోవద్దని కూడా చెప్పండి, మట్టిలో ఉన్న మనిషికి అదే తగులుతుంది.

సుజాత_అనువాదాలు

ఏఈ గారూ, చేయాల్సిన పనులు, బకెట్ మాట ఇంగ్లీషులో లేకపోతే అది అనువాదం కాదు, కొత్త ఆదేశం. మంచిదే కావచ్చు. కన్సల్టెంట్ ఇంగ్లీషులో చేర్చాక మనం తెలుగులో రాయాలి. గట్టిగా ఉంది కదా అని మనమే చేర్చడం మొదలుపెడితే, రేపు ఇంకొకరు మెత్తగా చేర్చుతారు.

రిటైర్డ్_ఏఈ

కన్సల్టెంట్ మెయిల్‌కి జవాబు వచ్చేలోపు గుంతలో మనుషులు ఉంటారమ్మా. నేనైతే ఈ రోజే రాస్తాను, ఆయన సంతకం తర్వాత తీసుకుంటాను.

శ్రావణ్_సివిల్

మీరిద్దరూ చెప్పింది పెట్టుకుని కొత్త షీటు తయారు చేశా. ఆరో లైను కింద 108 పెట్టా, మిగతా అదనాలు కన్సల్టెంట్‌కి పంపించా.

1. నాలుగున్నర అడుగుల కంటే లోతు ఉన్న గుంతలో, సపోర్టు కట్టకపోతే ఎవరూ దిగకూడదు. సపోర్టు కట్టి ఉన్నా, ఈ రోజు పర్మిట్ మీద సేఫ్టీ ఆఫీసర్ సంతకం లేకపోతే ఎవరూ దిగకూడదు.
2. జేసీబీ గుంతలో తవ్వుతున్నంతసేపూ లోపల ఎవరూ ఉండకూడదు, ఎవరూ దిగకూడదు.
3. ఒక్క సపోర్టు కూడా తీయకూడదు, కాసేపటికైనా తీయకూడదు.
4. గుంత అంచు నుంచి మూడున్నర అడుగుల లోపల తవ్విన మట్టి వేయకూడదు.
5. నిచ్చెన మీదనే ఎక్కాలి, దిగాలి. సపోర్టులు పట్టుకుని ఎక్కకూడదు, దిగకూడదు.
6. గుంత కూలితే, లోపల మనిషి ఉన్నా ఎవరూ దిగకూడదు. సేఫ్టీ ఆఫీసర్‌ని పిలవాలి, 108కి ఫోన్ చేయాలి.

దీన్ని మళ్లీ ఇంగ్లీషులోకి మార్పించి కన్సల్టెంట్‌కి చూపిస్తే సరిపోతుందా?

సుజాత_అనువాదాలు

ఇంగ్లీషు వచ్చినవాళ్లు తిరిగి మారిస్తే, వాళ్లకి అసలు ఏముండాలో తెలుసు కాబట్టి తప్పుని కూడా సరిచేసి చదువుతారు. ఆఫీసాయన "ఉండకపోవచ్చు"ని కూడా ఎవరైనా మళ్లీ "మే నాట్" అనే మార్చేవారు! అది కన్సల్టెంట్ ఫైలుకి చేయండి. అసలు పరీక్ష గుంత దగ్గర. షీటు చదివించి "అర్థమైందా" అని అడగొద్దు, అందరూ అర్థమైందనే అంటారు. "సపోర్టు ఉంది, మేస్త్రి దిగమన్నాడు, సేఫ్టీ ఆఫీసర్ ఇంకా రాలేదు. దిగుతావా?" అని ఒక్కొక్కరినీ విడిగా అడగండి. మేస్త్రి పక్కన లేనప్పుడు.

శ్రావణ్_సివిల్

ఈ పొద్దున అడిగా. ఒకటో లైను మీద చాలామంది దిగబోమని చెప్పారు, సంతకం కావాలన్నారు. ఇద్దరు మాత్రం "నిన్నటి పర్మిట్ ఉంది కదా" అన్నారు. "ఈ రోజు" అని రాసి ఉన్నా, పర్మిట్ కాగితం బోర్డు మీద అలాగే ఉంటే చెల్లుతుందనుకున్నారు. సాయంత్రం పని అయ్యాక పాత పర్మిట్ తీసేయించమని స్టోర్ వాళ్లకి చెప్పా.

మూడోదానికి ఒక పెద్దాయన అడిగిన ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. "ఒక్కటి కూడా తీయకూడదు అంటిరి, మరి పని అయినంక తీసేది ఎవరు?"

రిటైర్డ్_ఏఈ

మంచి ప్రశ్న అడిగాడు. తీయడం కూడా ఒక పనే, దానికి వేరే పర్మిట్ ఉంటుంది. కింది నుంచి పైకి, మట్టి పూడుస్తూ వెనక్కి తీసుకుంటూ రావాలి. షీటులో ఆ మినహాయింపు ఇంగ్లీషులో ఉందా?

శ్రావణ్_సివిల్

లేదు సార్. "డు నాట్ రిమూవ్ ఎనీ... ఈవెన్ టెంపరరిలీ" అని అక్కడితో ఆగిపోయింది.

సుజాత_అనువాదాలు

అయితే తెలుగులో మీరు మినహాయింపు పెట్టకండి. అడిగినాయనకి నోటితో జవాబు చెప్పండి, ఆ ప్రశ్నని ఉన్నదున్నట్టు కన్సల్టెంట్‌కి పంపండి.

పాలమూరు_పిల్లగాడు

అన్నా, కన్సల్టెంట్ మారిస్తే చెప్పు, ఫ్లెక్సీ ఆపి పెడతా. అప్పటిదాకా ఏ4 కాగితం లామినేషన్ చేయించి కట్టు. ఎండకి ఎర్ర రంగు తొందరగ పోతది, అక్షరాలు నలుపులనే పెట్టు.